గుండె కండరంలో గడియారం: స్లైడు చూసి గుండెపోటు వయసు చెప్పడం ఎలా?

ఎంబీబీఎస్ రెండో ఏడాది పాథాలజీ ప్రాక్టికల్ పరీక్షలో తరచుగా కనిపించే దృశ్యం ఇది. బల్ల మీద ఒక గాజు జాడీ ఉంటుంది. అందులో అడ్డంగా కోసిన గుండె ముక్క. దాని పక్కనే మైక్రోస్కోపు, అందులో అదే జబ్బుకు సంబంధించిన స్లైడు. ప్రశ్న మాత్రం చిన్నదే: "ఈ గుండెపోటు వచ్చి ఎన్ని రోజులై ఉంటుంది? ఎలా చెప్పగలరు?"

దీనికి పాఠ్యపుస్తకంలో ఒక పట్టిక ఉంటుంది. ఎన్ని గంటలకు ఏ రంగు, ఎన్ని రోజులకు ఏ కణం అని అందులో వరసగా రాసి ఉంటుంది. బట్టీ పట్టినవారికి పరీక్ష గదిలో రెండు గడులు కలిసిపోతాయి. న్యూట్రోఫిల్స్ ముందా, మాక్రోఫేజ్‌లు ముందా? పసుపు రంగు మూడో రోజా, పదో రోజా? నిజానికి ఆ పట్టికలోని ప్రతి గడి వెనకా ఒక కారణం ఉంది. రక్తం అందక కండరం చనిపోవడం, ఆ చనిపోయిన కండరాన్ని శరీరం ఎత్తిపారేయడం, ఆ ఖాళీని మచ్చతో పూడ్చడం. ఈ మూడు పనులూ ఒకదాని వెనక ఒకటి జరుగుతాయి. ఏ పని నడుస్తుందో తెలిస్తే కంటికి కనిపించే రంగు, మైక్రోస్కోపులో కనిపించే కణం రెండూ వాటంతట అవే గుర్తొస్తాయి.

ముందుగా స్లైడు రంగుల సంగతి

సాధారణ స్లైడుకు హిమటాక్సిలిన్, ఇయోసిన్ అనే రెండు రంగులు వేస్తారు. దీన్నే కాలేజీల్లో 'హెచ్ అండ్ ఈ' అంటారు. హిమటాక్సిలిన్ నీలం రంగు. అది డీఎన్ఏ, ఆర్ఎన్ఏ ఉన్నచోట పట్టుకుంటుంది. అందుకే కణకేంద్రకం నీలంగా కనిపిస్తుంది. ఇయోసిన్ గులాబీ రంగు. అది ప్రొటీన్లకు అంటుకుంటుంది. అందుకే కండరం గులాబీగా ఉంటుంది.

ఇప్పుడు కండర కణం చనిపోయిందనుకుందాం. దాని కణద్రవంలోని ఆర్ఎన్ఏ పోతుంది కాబట్టి ఆ కొద్దిపాటి నీలి ఛాయ తగ్గుతుంది. ప్రొటీన్ల ఆకృతి చెడిపోయి అవి ఇయోసిన్‌ను ఇంకా ఎక్కువగా పట్టుకుంటాయి. ఫలితంగా చనిపోయిన కండరం బతికున్న కండరం కంటే ముదురు గులాబీగా కనిపిస్తుంది. కేంద్రకం మొదట ముడుచుకుని నల్లబడుతుంది, తర్వాత ముక్కలవుతుంది లేదా రంగు వెలిసిపోయి మాయమవుతుంది. కణం లోపలి ప్రొటీన్లతో పాటు వాటిని జీర్ణం చేయాల్సిన ఎంజైములు కూడా గడ్డకట్టి పనిచేయవు కాబట్టి కణం ఆకారం మాత్రం కొన్ని రోజుల పాటు చెక్కుచెదరదు. కేంద్రకం లేని, ఆకారం మాత్రం మిగిలిన ఈ గులాబీ కణాల స్థితినే కోయాగులేటివ్ నెక్రోసిస్ అంటారు.

మొదటి గంటలు: కంటికి ఏమీ కనిపించదు

గుండెకు రక్తం తెచ్చే కరోనరీ ధమనిలో కొవ్వు పేరుకున్న చోట పగులు వచ్చి, దాని మీద రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతే, ఆ ధమని మీద ఆధారపడిన కండరం ఒకటి రెండు నిమిషాల్లోనే ముడుచుకోవడం ఆపేస్తుంది. కానీ అప్పటికి అది చనిపోలేదు. రక్తప్రసారం తిరిగి రాకుండా సుమారు 20 నుంచి 40 నిమిషాలు గడిస్తే కణాలు కోలుకోలేని స్థితికి వెళ్లడం మొదలవుతుంది. ధమనులు గుండె పైభాగం నుంచి లోపలికి వస్తాయి కాబట్టి లోపలి గోడకు దగ్గరగా ఉన్న కండరం అందరికంటే చివరి లబ్ధిదారు. అందుకే చావు అక్కడ మొదలై కొన్ని గంటల్లో బయటివైపు పాకుతుంది.

చనిపోవడం మొదలైందంటే వెంటనే స్లైడులో కనిపించాలి కదా అనిపిస్తుంది. అలా జరగదు. కేంద్రకం ముడుచుకోవడానికి, ప్రొటీన్లు గడ్డకట్టడానికి సమయం పడుతుంది. మొదటి నాలుగు గంటల్లో సాధారణ మైక్రోస్కోపుకు కండరం దాదాపు మామూలుగానే ఉంటుంది. మహా అయితే అంచున కొన్ని పోగులు అలల్లా వంకర తిరిగి కనిపిస్తాయి. చచ్చుబడిన పోగులను పక్కనున్న బతికిన కండరం ప్రతి స్పందనకూ లాగడం వల్ల అలా అవుతాయి. అయితే ఇది ఒక్కటే చూసి గుండెపోటని తేల్చకూడదు, వేరే కారణాల వల్ల కూడా పోగులు అలా కనిపించవచ్చు.

ఈ తొలి గంటల్లో కంటికి చూపించే ఉపాయం ఒకటుంది. ఫార్మలిన్‌లో వేయని తాజా గుండె ముక్కను ట్రైఫినైల్ టెట్రజోలియం క్లోరైడ్ అనే ద్రావణంలో ఉంచుతారు. బతికున్న కండరంలోని డీహైడ్రోజినేజ్ ఎంజైములు ఆ రసాయనాన్ని ఇటుక ఎరుపు రంగుకు మారుస్తాయి. చనిపోయిన కణాల పొర చిల్లులు పడి ఆ ఎంజైములు బయటకు కారిపోతాయి కాబట్టి అక్కడ రంగు రాదు, పాలిపోయినట్టు ఉంటుంది. గుండెపోటు వచ్చి రెండు మూడు గంటలు దాటితే ఈ తేడా తెలుస్తుంది. రక్తపరీక్షలో ట్రోపోనిన్ పెరగడానికి కారణం కూడా ఇదే: చిల్లులు పడిన కణాల నుంచి కండరపు ప్రొటీన్లు రక్తంలోకి కారడం.

ఒకటి నుంచి మూడు రోజులు: కబురందుకున్న న్యూట్రోఫిల్స్

నాలుగు నుంచి పన్నెండు గంటల మధ్య గులాబీ రంగు ముదరడం మొదలవుతుంది. ఒక రోజు నిండేసరికి కోయాగులేటివ్ నెక్రోసిస్ స్పష్టంగా తెలుస్తుంది. కదలకుండా ఇరుక్కుపోయిన రక్తం వల్ల కంటికి ఆ భాగం ముదురు రంగు మచ్చలతో, కాస్త నీలం కలిసిన ఎరుపుగా ఉంటుంది.

చనిపోయిన కణాల నుంచి వెలువడిన పదార్థాలు చుట్టూ మంటను, అంటే ఇన్‌ఫ్లమేషన్‌ను రేపుతాయి. రక్తంలో ఎప్పుడూ సిద్ధంగా తిరిగే న్యూట్రోఫిల్స్ ముందుగా చేరుకుంటాయి. ఒకటి నుంచి మూడు రోజుల స్లైడులో చనిపోయిన గులాబీ పోగుల మధ్య వీటి గుంపులే కనిపిస్తాయి. రెండు మూడు తమ్మెలున్న చిన్న నల్లని కేంద్రకం వీటి గుర్తు. ఇదే సమయానికి జాడీలో మధ్యభాగం ఎరుపు తగ్గి, పసుపు కలిసిన లేత గోధుమ రంగుకు తిరుగుతుంది.

ఇక్కడే విద్యార్థులు గమనించాల్సిన విషయం ఉంది. న్యూట్రోఫిల్స్ రక్తనాళాల ద్వారానే రాగలవు. ఇన్‌ఫార్క్ట్ మధ్యలో, అంటే చనిపోయిన భాగం నడిబొడ్డున, రక్తప్రసారం లేదు. కాబట్టి అవి బతికున్న కండరంతో కలిసే అంచు నుంచే లోపలికి వస్తాయి. వాటి తర్వాత వచ్చే కణాలన్నీ కూడా అదే దారిలో వస్తాయి. అందుకే గుండెపోటు వయసు తెలియాలంటే మధ్య భాగం కాదు, అంచు చూడాలి. మధ్యలో మాత్రమే చూసినవారికి ఐదో రోజు స్లైడులో కూడా కేంద్రకాలు లేని గులాబీ పోగులే కనిపిస్తాయి. వారు "ఒక రోజు" అని రాసి వచ్చేస్తారు.

మూడు నుంచి ఏడు రోజులు: ఎత్తిపారేసే దశ, అతి బలహీనమైన గోడ

న్యూట్రోఫిల్స్ ఆయుష్షు తక్కువ. అవి రెండు మూడు రోజుల్లో చనిపోయి ముక్కలవుతాయి. వాటి తర్వాత వచ్చే మాక్రోఫేజ్‌లు చనిపోయిన పోగులను, చనిపోయిన న్యూట్రోఫిల్స్‌ను మింగుతాయి. ఇవి పెద్ద కణాలు, కణద్రవం ఎక్కువగా, కేంద్రకం ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. లోపల మింగిన ముక్కలు కనిపిస్తాయి.

కండరాన్ని తినేస్తున్నారు, కానీ దాని స్థానంలో ఇంకా ఏదీ కట్టలేదు. పాత గోడ పడగొట్టి కొత్తది లేపకముందు ఇల్లు ఎంత బలహీనంగా ఉంటుందో గుండె గోడ అలాగే ఉంటుంది. జాడీలో ఇది పసుపు రంగులో మెత్తగా, వేలితో నొక్కితే లొంగేలా ఉంటుంది. దాని చుట్టూ ఎర్రటి అంచు ఏర్పడుతుంది. కొత్త సన్నని రక్తనాళాలు అంచు నుంచి మొలవడం వల్ల ఆ ఎరుపు వస్తుంది. గుండె గోడ చిరిగిపోవడమనే ప్రాణాంతకమైన పరిణామం మొదటి వారంలోనే ఎక్కువగా ఎందుకు వస్తుందో ఇక బట్టీ పట్టక్కర్లేదు.

రెండో వారం నుంచి: పూడ్చే దశ

వారం దాటాక అంచు నుంచి గ్రాన్యులేషన్ కణజాలం మధ్యకు పాకుతుంది. కొత్త రక్తనాళాలు, ఫైబ్రోబ్లాస్ట్‌లు, మిగిలిన మాక్రోఫేజ్‌లు కలిసి ఉన్న వదులైన కణజాలం ఇది. పది నుంచి పద్నాలుగు రోజులకు అది బాగా నిలదొక్కుకుని కొల్లాజెన్ పడటం కనిపిస్తుంది. కంటికి అంచు ఎరుపు బూడిద రంగులో, చుట్టూ ఉన్న కండరం కంటే కాస్త కుంగి ఉంటుంది. రెండు వారాల తర్వాత కణాలు, రక్తనాళాలు తగ్గుతూ, కొల్లాజెన్ పెరుగుతూ పోతుంది. రెండు నెలలకు మిగిలేది గట్టి తెల్లని మచ్చ. గుండె కండర కణాలు చెప్పుకోదగ్గంతగా విభజన చెందవు కాబట్టి కండరం తిరిగి రాదు. మేసన్ ట్రైక్రోమ్ రంగు వేస్తే మచ్చ నీలంగా, కండరం ఎర్రగా విడివిడిగా తెలుస్తాయి.

మచ్చ గట్టిదే, కానీ అది ముడుచుకోదు. గోడ పలచబడి ఉబ్బితే దాన్ని యాన్యూరిజం అంటారు. మొదటి వారంలో చిరుగు, నెలల తర్వాత ఉబ్బు: రెండూ ఆ సమయానికి గోడలో ఏముందో దాని ఫలితమే.

ఒక కేసును విప్పి చూద్దాం

పరీక్షల్లో ఇచ్చే తరహాలో ఒక కేసు కల్పించుకుందాం. 58 ఏళ్ల వ్యక్తికి ఛాతీలో తీవ్రమైన నొప్పి వచ్చింది. ఆలస్యంగా ఆసుపత్రికి చేరడంతో మూసుకుపోయిన ధమనిని తెరిచే చికిత్స అందలేదు. నొప్పి తగ్గి కోలుకుంటున్నట్టే ఉన్నాడు. ఒక ఉదయం మంచం మీద కూర్చుని ఉండగానే రక్తపోటు పడిపోయింది, మెడ నరాలు ఉబ్బాయి, నిమిషాల్లో మరణించాడు. శవపరీక్షలో గుండెను చుట్టి ఉండే పెరికార్డియం సంచిలో 300 మిల్లీలీటర్ల రక్తం ఉంది. ఎడమ జఠరిక ముందు గోడలో సన్నని చిరుగు. చుట్టూ పసుపు రంగు మెత్తని భాగం, దానికి ఎర్రని అంచు. ప్రశ్నలో నొప్పి ఎన్ని రోజుల క్రితం వచ్చిందో ఇవ్వలేదు. అది మనం చెప్పాలి.

స్లైడును తక్కువ పవర్‌లో పెట్టి మొత్తం ఒకసారి తిప్పి చూస్తాం. మధ్యలో ముదురు గులాబీ పోగులు ఉన్నాయి, కేంద్రకాలు లేవు, ఆకారం మిగిలి ఉంది. దీని నుంచి తేలేది ఒక్కటే: చావు జరిగి కనీసం ఒక రోజు గడిచింది. గరిష్ఠంగా ఎంతో ఈ భాగం చెప్పదు.

ఇప్పుడు అంచుకు వెళ్లి పవర్ పెంచుదాం. కేంద్రకాలు పొడిపొడిగా రాలిన న్యూట్రోఫిల్స్ కొన్ని కనిపిస్తున్నాయి. వాటికంటే ఎక్కువగా మాక్రోఫేజ్‌లు ఉన్నాయి. ఇంకా బయటికి, బతికున్న కండరం ఒడ్డున, ఒకటి రెండు కొత్త రక్తనాళాలు మొలుస్తున్నాయి. కొల్లాజెన్ లేదు.

ఇక తర్కం రెండు వైపుల నుంచి బిగిస్తుంది. రెండో రోజై ఉంటే న్యూట్రోఫిల్స్ నిండుగా, చెక్కుచెదరకుండా ఉండాలి, మాక్రోఫేజ్‌లు ఇంత ఉండకూడదు. పన్నెండో రోజై ఉంటే అంచున గ్రాన్యులేషన్ కణజాలం పట్టీలా ఉండి కొల్లాజెన్ పడి ఉండాలి. రెండూ లేవు కాబట్టి మూడు నుంచి ఏడు రోజుల మధ్య, బహుశా నాలుగైదు రోజులు. జాడీలోని పసుపు మెత్తదనం, ఎర్రని అంచు కూడా అదే చెబుతున్నాయి.

చివరిగా చిరుగు పక్కన చూద్దాం. ఎర్ర రక్తకణాలు పోగుల మధ్యకు చొచ్చుకుని వెళ్లాయి. కత్తి గాటు పక్కన ఇలా ఉండదు. గుండె కొట్టుకుంటుండగా పీడనంతో రక్తం దూరిన గుర్తు ఇది. కాబట్టి మరణకారణం: గోడ చిరిగి, పెరికార్డియం సంచిలో రక్తం నిండి, గుండె విప్పారలేకపోవడం. మెడ నరాలు ఉబ్బడానికి కారణం కూడా అదే, రక్తం గుండెలోకి రాలేక వెనక్కి నిలిచిపోయింది. ముందు గోడ కాబట్టి మూసుకున్నది ఎడమ ముందు అవరోహణ ధమని. దాన్ని కోస్తే లోపల గడ్డ దొరకాలి. అది బతికుండగా కట్టిన గడ్డ అయితే ధమని గోడకు అంటుకుని ఉంటుంది, పాలిన, ముదురు చారలు పొరలుగా కనిపించవచ్చు. చనిపోయాక కట్టిన గడ్డ జెల్లీలా జారి వచ్చేస్తుంది.

ఈ గడియారం ఎక్కడ తప్పు చెబుతుంది?

ఈ సమయాలన్నీ ధమని మూసుకునే ఉండిపోయినప్పటి లెక్కలు. యాంజియోప్లాస్టీతోనో, గడ్డ కరిగించే మందుతోనో రక్తం తిరిగి వస్తే దృశ్యం మారుతుంది. రక్తంతో పాటు కాల్షియం దెబ్బతిన్న కణాల్లోకి ఒక్కసారిగా దూరి, వాటిలోని పోగులు బిగదీసుకుపోతాయి. స్లైడులో కణానికి అడ్డంగా ముదురు గులాబీ పట్టీలు కనిపిస్తాయి. దెబ్బతిన్న సన్ననాళాల నుంచి రక్తం కారి ఆ భాగం పాలిపోయినట్టు కాక ఎర్రగా ఉంటుంది. దారి తెరుచుకుంది కాబట్టి న్యూట్రోఫిల్స్ కూడా త్వరగా, లోతుగా చేరతాయి. అడ్డ పట్టీలు, రక్తస్రావం కలిసి కనిపిస్తే పట్టికలోని రోజులను అలాగే అన్వయించకూడదు.

ఇన్‌ఫార్క్ట్ సైజు కూడా లెక్కను మారుస్తుంది. చిన్నది త్వరగా పూడుతుంది. చాలా పెద్దదైతే అంచున మచ్చ కడుతున్నా, మధ్యలో చనిపోయిన పోగులు వారాల తరబడి అలాగే ఉండిపోవచ్చు. ఒకే గుండెలో పాత తెల్లని మచ్చ, దాని పక్కనే తాజా న్యూట్రోఫిల్స్ ఉంటే అది ఒక గుండెపోటు కాదు, రెండు. జవాబులో రెండు వయసులూ రాయాలి.

మరొకటి, మరణించాక కణజాలం తనంతట తానే కరిగిపోవడం. అందులోనూ కేంద్రకాలు వెలిసిపోతాయి. తేడా ఏమిటంటే, రక్తప్రసారం ఆగిన శరీరంలో న్యూట్రోఫిల్స్ ఎక్కడికీ వెళ్లలేవు. పైగా ఆ మార్పు ఒక ధమని పరిధికి కట్టుబడదు, అంతటా ఒకేలా ఉంటుంది. అదే సమయంలో, నొప్పి వచ్చిన గంటలోనే చనిపోయినవారి స్లైడు మామూలుగా ఉన్నంత మాత్రాన గుండెపోటు కాదని చెప్పలేం. గడియారం ఇంకా నడవడం మొదలుపెట్టలేదంతే. అప్పుడు సాక్ష్యం కండరంలో కాదు, కరోనరీ ధమనుల్లో వెతకాలి.

జాడీ గురించి ఒక మాట. ఫార్మలిన్‌లో ఉంచిన ముక్క రంగు వెలిసి గోధుమ, బూడిద ఛాయలకు తిరుగుతుంది. పుస్తకంలోని ఎరుపు, పసుపు అలాగే కనిపించవు. కాబట్టి జాడీ ముందు రంగు కంటే మిగతా గుర్తులు చూడండి: గోడ మందం తగ్గిందా, ఆ భాగం కుంగిందా, అంచు గీత గీసినట్టు ఉందా, చిరుగుగానీ లోపలి వైపు అంటుకున్న గడ్డగానీ ఉందా.

జవాబు రాసేటప్పుడు

మొదట చూసినది చూసినట్టు రాయండి: ఏ అవయవం, ఏ గోడ, ఏ కణాలు, అవి మధ్యలో ఉన్నాయా, అంచునా. తర్వాత దాని పేరు. ఆ తర్వాత వయసు, దానితో పాటే ఎందుకు అంతకంటే తక్కువ కాదో, ఎందుకు ఎక్కువ కాదో ఒక్కో వాక్యం. చివరగా ఆ దశలో రాగల ప్రమాదం. పై కేసుకు అయితే ఇలా ఉంటుంది: "ఎడమ జఠరిక ముందు గోడలో ఇన్‌ఫార్క్ట్. మధ్యలో కోయాగులేటివ్ నెక్రోసిస్, అంచున శిథిలమైన న్యూట్రోఫిల్స్, అధికంగా మాక్రోఫేజ్‌లు, మొలకెత్తుతున్న రక్తనాళాలు. కొల్లాజెన్ లేదు. వయసు మూడు నుంచి ఏడు రోజులు. చనిపోయిన కండరాన్ని తొలగిస్తున్నా మచ్చ ఇంకా కట్టలేదు కాబట్టి గోడ చిరిగింది."

ఇందులో పట్టికలోని వరుస గుర్తుకు రాకపోయినా ఫరవాలేదు. అంచు దగ్గర నిలబడి మూడు ప్రశ్నలు వేస్తే చాలు: కండరం చనిపోయిందా, దాన్ని ఎవరు ఎత్తిపారేస్తున్నారు, ఆ చోట ఎవరైనా కట్టడం మొదలుపెట్టారా?